పాత సహోద్యోగి గురించి రిఫరెన్స్ రాయడం

ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో సాధారణంగా హోదా, పనిచేసిన తేదీలే ఉంటాయి. మనిషి ఎలా పనిచేస్తాడో తెలుసుకోవడానికి కొత్త సంస్థ హెచ్‌ఆర్ విభాగం అభ్యర్థి పాత టీమ్ లీడ్‌ను రాతపూర్వకంగా అడుగుతుంది. ఆ జవాబే రిఫరెన్స్.

ఉదాహరణకు హైదరాబాద్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందంలో రెండేళ్లు పనిచేసిన టెస్టర్ ఇప్పుడు మరోచోట టీమ్ లీడ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిందనుకోవచ్చు. పనిలో ఆమెది నిశితమైన చూపు. వారం వారం ఇవ్వాల్సిన రిపోర్టులు మాత్రం మొదట్లో ఆలస్యమయ్యేవి.

జవాబు ఆమెను ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ హోదాలో చూశారో చెప్పడంతో మొదలవుతుంది. చదివేవారు తర్వాతి మాటలను తూచేది దీన్ని బట్టే. ఆ తర్వాత ‘చాలా సమర్థురాలు’ అనే మాట కంటే జరిగిన సంగతి ఎక్కువ పనికొస్తుంది: ‘విడుదలకు ముందు, పైసలను రౌండ్ చేసే చోట పన్ను లెక్క తప్పుతోందని ఈమే కనిపెట్టింది. కస్టమర్ల దాకా వెళ్లకముందే సరిచేయగలిగాం.’

రిపోర్టుల సంగతి వదిలేస్తే కొత్త సంస్థను తప్పుదోవ పట్టించినట్టే, ఎందుకంటే టీమ్ లీడ్‌కు అదే రోజువారీ పని. ‘క్రమశిక్షణ లేదు’ అని రాయడం ఇంకా పెద్ద తప్పు. అది మనిషి మీద తీర్పు, చూసిన విషయం కాదు. సరైన వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మొదటి ఏడాది వారపు రిపోర్టులు తరచూ రెండు మూడు రోజులు ఆలస్యమయ్యేవి. రెండో ఏడాది నమూనా పత్రం ఇచ్చాక దాదాపు అన్నీ సమయానికే వచ్చాయి. ఆమె బృందాన్ని నడపడం నేను చూడలేదు.’ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. నిజానికి కొత్త సంస్థకు అది చాలా అవసరం. ఆరోగ్యం, పెళ్లి, కుటుంబ విషయాలకు ఈ జవాబులో చోటు లేదు.

బ్రిటన్‌లో 1994లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక ముఖ్యమైన మాట తేల్చింది: రిఫరెన్స్ ఇచ్చే యజమానికి, ఎవరి గురించి రాస్తున్నారో ఆ ఉద్యోగి పట్ల కూడా జాగ్రత్త వహించే బాధ్యత ఉంది. విడివిడిగా నిజమైన మాటలే అయినా మొత్తం మీద తప్పు అభిప్రాయం కలిగించకూడదని అక్కడి కోర్టులు తర్వాత చెప్పాయి. ఆమె రిపోర్టుల ఆలస్యం రాసి, మెరుగుపడిన సంగతి దాచితే జరిగేది అదే. భారతదేశంలో పరువునష్టాన్ని నేరంగా చూసే నిబంధన 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. తన లేదా ఇతరుల ప్రయోజనాలను కాపాడేందుకు సద్భావంతో చెప్పిన మాటకు అందులో మినహాయింపు ఉంది. సద్భావం అంటే తగినంత జాగ్రత్త తీసుకోవడం కూడా. కాబట్టి పాత అప్రైజల్ పత్రాలు చూసుకున్నాకే రాయాలి.

కొన్ని సంస్థల్లో రిఫరెన్స్ ఇచ్చే అధికారం హెచ్‌ఆర్‌కే ఉంటుంది, అది కూడా తేదీలు ధ్రువీకరించేంత వరకే. అలాంటప్పుడు ‘మా సంస్థ నియమం ప్రకారం అందరికీ ఇంతే ఇస్తాం’ అని జవాబులో రాయాలి. లేకపోతే క్లుప్తంగా ఉన్న జవాబును చదివేవారు అభ్యర్థి లోపంగా అర్థం చేసుకుంటారు.