క్యూఆర్ కోడ్ ఉంది సరే, అది ఎక్కడికి తీసుకెళ్తోంది?

డిగ్రీ పట్టా కింది మూలలో నలుపు తెలుపు గళ్ల చదరం కనిపిస్తే చాలు, అది అసలైనదేనని చాలామంది నమ్మేస్తున్నారు. ఈ సంగతి నకిలీ పట్టాలు చేసేవాళ్లకు బాగా తెలుసు. అందుకే దొంగ సర్టిఫికెట్ మీద కూడా ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉంటోంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో యూనివర్సిటీ చిహ్నం, అభ్యర్థి పేరు, పక్కన ఆకుపచ్చ టిక్కు, అన్నీ ఉంటాయి.

క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో వేవ్ సంస్థ తయారు చేసింది. కార్ల విడిభాగాలు ఎక్కడున్నాయో త్వరగా చదివి తెలుసుకోవడం కోసం పుట్టింది తప్ప, మోసాన్ని పట్టుకోవడం కోసం కాదు. అది అక్షరాలను గళ్లుగా మార్చి చూపిస్తుంది, అంతే. కవరు మీద రాసిన చిరునామా లాంటిదన్నమాట. ఎవరైనా, ఏదైనా రాసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో ఉచితంగా, నిమిషంలో ఏ మాటనైనా క్యూఆర్‌గా మార్చుకోవచ్చు. మధ్యలో యూనివర్సిటీ ముద్ర ఉన్నా దానికి విలువేం లేదు. కోడ్‌లో దాదాపు 30 శాతం వరకు చెడిపోయినా చదవగలిగే ఏర్పాటు ఉంది కాబట్టి, మధ్యలో బొమ్మ అతికించినా స్కాన్ అవుతుంది.

మరి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? సర్టిఫికెట్ల మీది క్యూఆర్‌లు ముఖ్యంగా రెండు రకాలు. రెండింటిలో నమ్మకం వచ్చే చోటు వేరు, మోసం జరిగే చోటూ వేరే.

మొదటి రకంలో వెబ్‌సైట్ చిరునామా మాత్రమే ఉంటుంది. మన యూనివర్సిటీల పట్టాల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. స్కాన్ చేయగానే ఫోన్ ఆ చిరునామాకు వెళ్లి, సర్టిఫికెట్ నంబరుకు సరిపోయే వివరాలను యూనివర్సిటీ రికార్డు నుంచి తెచ్చి చూపిస్తుంది. అంటే ఇక్కడ సాక్ష్యం కాగితంలో లేదు, ఆ చిరునామా యజమాని దగ్గర ఉంది. యజమాని ఎవరన్నది తేలకపోతే తక్కినదేదీ తేలదు.

ఊహించిన ఉదాహరణతో చూద్దాం. ఒక యూనివర్సిటీ అసలు చిరునామా మొదటిది, దొంగ పట్టా మీది కోడ్ తెరిచేది రెండోది అనుకోండి:

```
https://verify.xyz.ac.in/c/8841
https://xyz.ac.in-verify.com/c/8841
```

హడావుడిలో చూస్తే రెండింటిలోనూ `xyz.ac.in` కనిపిస్తుంది. చదవాల్సిన పద్ధతి వేరు. `https://` తర్వాత వచ్చే మొదటి గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు రావాలి. మొదటి దాంట్లో చివర ఉన్నది `xyz.ac.in`. రెండో దాంట్లో చివర ఉన్నది `in-verify.com`. అంటే రెండోది `in-verify.com` అనే పేరు కొనుక్కున్నవాడిది. దాని ముందు `xyz.ac` అని తగిలించుకోవడానికి వాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

`.gov.in` పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. `.ac.in`, `.edu.in` పేర్లు విద్యాసంస్థలకే, అదీ పత్రాలు చూశాకే ఇస్తారు. `.com`, `.org`, ఉత్త `.in` మాత్రం డబ్బు కట్టినవాళ్లెవరికైనా దొరుకుతాయి. కొన్ని మంచి సంస్థలు కూడా `.com` వాడుతుంటాయి, కాబట్టి అది కనిపించగానే దొంగదని తీర్మానించలేం. ఇక చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే నిజమైన సైట్ అనుకోవడం పెద్ద పొరపాటు. మన ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య మాటలు వేరేవాళ్లు వినలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతలివాడు మంచివాడని చెప్పదు. దొంగ సైట్‌కు కూడా ఆ తాళం ఉచితంగా దొరుకుతుంది.

అందుకే నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: కోడ్ చూపించిన దారిన వెళ్లకండి. యూనివర్సిటీ అసలు వెబ్‌సైట్‌ను మీరే టైప్ చేసి తెరవండి, అక్కడ వెరిఫికేషన్ పేజీ వెతికి, కాగితం మీది నంబరు మీరే కొట్టండి. తర్వాత అదే పేజీలో ఆ నంబరులో ఒక అంకె మార్చి కొట్టి చూడండి. అసలు సైట్ అయితే రికార్డు లేదనో, మరో వ్యక్తి పేరో చూపిస్తుంది. దొంగ సైట్లలో చాలావరకు ఆ ఒక్క పేజీయే ఉంటుంది. ఏ నంబరు కొట్టినా అదే పేరు రావచ్చు, పైన మెనూలో దేన్ని నొక్కినా ఏదీ తెరుచుకోకపోవచ్చు. కాగితం మీద ఉన్న ఫోన్ నంబరుకు చేసి అడగడం కూడా వృథాయే. ఎత్తేది ఆ కాగితం అచ్చు వేసినవాళ్లే కావచ్చు. పరీక్షల విభాగం నంబరును అసలు సైట్ నుంచే తీసుకోవాలి.

రెండో రకం క్యూఆర్‌లో చిరునామా ఉండదు, వివరాలే ఉంటాయి. దీనికి మనందరి జేబుల్లో ఉన్న ఉదాహరణ ఆధార్. పాత ఆధార్ కార్డుల కోడ్‌లో పేరు, పుట్టిన సంవత్సరం, చిరునామా మామూలు అక్షరాల్లో ఉండేవి. అలాంటి కోడ్‌ను పేరు మార్చి ఎవరైనా తయారు చేసుకోగలరు, స్కాన్ చేస్తే ఆ మారిన పేరే వస్తుంది. తర్వాత వచ్చిన సెక్యూర్ క్యూఆర్ వేరు. మామూలు కెమెరా యాప్‌తో స్కాన్ చేస్తే అర్థంకాని పొడవాటి అంకెల వరుస వస్తుంది. అందులో పేరు, చిరునామా, చిన్న ఫొటోతో పాటు చివర 256 బైట్ల డిజిటల్ సంతకం ఉంటుంది.

ఆ సంతకాన్ని ఉడాయ్ తన దగ్గర మాత్రమే ఉండే రహస్య కీతో, ఆ వివరాల మీదనే లెక్కగట్టి తయారు చేస్తుంది. దాన్ని సరిచూసే కీని మాత్రం అందరికీ ఇస్తుంది. పేరులో ఒక్క అక్షరం మార్చినా లెక్క తప్పుతుంది. రహస్య కీ లేకుండా కొత్త సంతకం పుట్టించడం ఇప్పుడున్న కంప్యూటర్లతో సాధ్యం కాదు. ఇంటర్నెట్ లేకపోయినా ఉడాయ్ సొంత యాప్‌తో సరిచూడొచ్చు.

అంత గట్టి తాళాన్ని మోసగాళ్లు బద్దలు కొట్టరు, చుట్టూ తిరిగి వస్తారు. నిజమైన ఒకరి కార్డు మీది కోడ్‌ను యథాతథంగా కాపీ చేసి, వేరే పేరూ ఫొటో ఉన్న కార్డు మీద అచ్చు వేస్తారు. స్కాన్ చేస్తే సంతకం సరిపోతుంది, ఎందుకంటే కోడ్ నిజమైనదే. కానీ తెర మీద వచ్చే పేరూ ఫొటో వేరొకరివి. టిక్కు చూసి ఫోన్ పక్కన పెట్టేసేవాళ్లు ఇక్కడే మోసపోతారు. తెర మీది ఫొటోనూ కార్డు మీది ఫొటోనూ ఎదుటి మనిషి ముఖాన్నీ మూడింటినీ కలిపి చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు. పట్టాల విషయంలోనూ అంతే: పేరు, హాల్ టికెట్ నంబరు, బ్రాంచ్, ఉత్తీర్ణత సంవత్సరం ఒక్కొక్కటీ కాగితంతో పోల్చాలి.

“నేనే స్కాన్ చేసి చూపిస్తా సార్” అంటూ ఎదుటివాళ్లు తమ ఫోన్ మీ ముందు పెడితే ఒప్పుకోకండి. ఆ ఫోన్‌లోని యాప్ ఎవరిదో మీకు తెలియదు. అది డిజిలాకర్ తెరే అయినా, ఆ పత్రం ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ విభాగంలో ఉందో లేదో చూడండి. అక్కడ ఉండేవి జారీ చేసిన సంస్థ నుంచి నేరుగా వచ్చినవి. యూజర్ తనంతట తాను అప్‌లోడ్ చేసుకున్న ఫైలుకు ఆ విలువ లేదు, అది ఏ బొమ్మైనా కావచ్చు.

ఈ రెండు పద్ధతులకూ హద్దులున్నాయి. సంతకం ఉన్న కోడ్, అచ్చు వేసిన రోజు నాటి వివరాలనే చెబుతుంది. తర్వాత చిరునామా మారినా, సర్టిఫికెట్ రద్దయినా దానికి తెలియదు. లింకు ఉన్న కోడ్ తాజా సంగతి చెప్పగలదు గానీ, కాలేజీ తన వెబ్‌సైట్ మార్చేస్తే నిజమైన పట్టా కూడా ‘పేజీ దొరకలేదు’ అంటుంది. అలా వచ్చినంత మాత్రాన ఒక పిల్లవాడి ఉద్యోగం పోకూడదు, పరీక్షల విభాగానికి రాసి అడగాలి. ఇక కొన్ని వెరిఫికేషన్ పేజీలు పేరు కూడా చూపించకుండా ‘వ్యాలిడ్’ అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాయి. అలాంటి పేజీ ఉన్నచోట, వేరొకరి పట్టా కోడ్ తెచ్చి తన పట్టా మీద అతికించుకున్నవాడిని పట్టుకోవడానికి వీలే లేదు. ఆ పేజీలో పేరు, ఫొటో, కోర్సు, సంవత్సరం చేర్చాల్సిన బాధ్యత యూనివర్సిటీలదే.