మైనస్ 22 కోట్ల జనాభా

2001లో భారతదేశ జనాభా మైనస్ 22 కోట్లు. ఇది అచ్చుతప్పు కాదు. 1901 నుంచి 1991 వరకు పదేళ్లకోసారి జరిగిన పది జనగణనల లెక్కలు తీసుకుని, ఆ పది చుక్కల్లో ఒక్కదాన్నీ వదలకుండా తాకుతూ పోయే వంకర గీత గీసి, దాన్ని ఇంకో పదేళ్లు ముందుకు సాగదీస్తే వచ్చే జవాబు అది. గీతలో తప్పు లేదు, గుణింతంలోనూ తప్పు లేదు. ఉన్న లెక్కలకు అంతకంటే చక్కగా కుదిరే గీత ఇంకొకటి ఉండదు కూడా.

ముందు ఆ పది అంకెలు చూద్దాం. ఇప్పటి భారతదేశ సరిహద్దులకు సవరించిన లెక్కల ప్రకారం 1901లో 23.84 కోట్లు, 1911లో 25.21, 1921లో 25.13, 1931లో 27.90, 1941లో 31.87, 1951లో 36.11, 1961లో 43.92, 1971లో 54.82, 1981లో 68.33, 1991లో 84.64 కోట్లు. గ్రాఫ్ కాగితం మీద పెడితే మొదట్లో దాదాపు చదునుగా సాగి, 1951 తర్వాత నిటారుగా లేస్తుంది.

దీనికి సరళరేఖ గీస్తే ఏమాత్రం కుదరదు. చుక్కకూ గీతకూ మధ్య ఉండే దూరాల్ని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే తప్పు ఎంతో తెలుస్తుంది. సరళరేఖకు అది 7.6 కోట్లు. రెండో డిగ్రీ బహుపదికి, అంటే సంవత్సరాన్ని వర్గం చేసిన పదం కూడా ఉన్న సమీకరణానికి వెళ్తే తప్పు ఒక్కసారిగా 1.3 కోట్లకు పడిపోతుంది. మూడో డిగ్రీకి, అంటే ఘన బహుపదికి వెళ్తే 42 లక్షలే. ఎక్సెల్‌లో ఈ అంకెలు వేసి ట్రెండ్‌లైన్ పెట్టిన వాళ్లకు పక్కన R² అనే అంకె కనిపిస్తుంది. అది 1కి ఎంత దగ్గరగా ఉంటే గీత అంత బాగా కుదిరినట్టు. రెండో డిగ్రీకి 0.9956, మూడో డిగ్రీకి 0.9996. చాలామంది ఇక్కడే తృప్తిపడి, మూడోదే మంచిదని తేల్చేస్తారు.

డిగ్రీ పెంచితే తప్పు తగ్గడం లెక్కలో ముందే ఉన్న సంగతి. దాని వల్ల మన డేటా గురించి మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. రెండో డిగ్రీ బహుపది అంటే ఘనపదం గుణకం సున్నా అయిన మూడో డిగ్రీ బహుపదే కదా. కంప్యూటర్‌కు ఆ గుణకాన్ని సున్నాగా ఉంచే స్వేచ్ఛ ఎప్పుడూ ఉంటుంది. సున్నా కాని విలువను ఎంచుకుందంటే, తప్పు కాస్తయినా తగ్గిందని అర్థం. అందుకే డిగ్రీ పెరిగే కొద్దీ R² పెరగొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు, తగ్గడం మాత్రం జరగదు. పది చుక్కలకు తొమ్మిదో డిగ్రీ ఇస్తే పది గుణకాలు చేతికొస్తాయి. పది చుక్కలకు పది గుణకాలు దొరికాక ప్రతి చుక్కనూ తాకొచ్చు. తప్పు సున్నా, R² సరిగ్గా 1. మైనస్ 22 కోట్లు చెప్పింది ఆ గీతే.

ఎందుకలా చెప్పిందో చూడాలంటే 1911, 1921 అంకెల దగ్గర ఆగాలి. ఆ పదేళ్లలో దేశ జనాభా పెరగకపోగా సుమారు 8 లక్షలు తగ్గింది. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా దానికి ముఖ్య కారణం. అది ఒక్కసారి వచ్చిపోయిన విపత్తు, జనాభా పెరిగే తీరులో భాగం కాదు. మూడో డిగ్రీ గీత ఆ పల్లాన్ని పట్టించుకోకుండా దానికి కొంచెం పైనుంచి వెళ్లిపోతుంది. 1921 చుక్క దగ్గర దాని తప్పు 57 లక్షలు. తొమ్మిదో డిగ్రీకి అలా వదిలేసే వీలు లేదు. ఆ పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కడానికి పెద్ద పెద్ద గుణకాలు కావాలి. పది చుక్కల మధ్య ఉన్నంతసేపు అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ గీతను అదుపులో ఉంచుతాయి. 1991 దాటగానే అదుపు చేయడానికి ముందు చుక్క ఉండదు. 1996 నాటికే గీత 70 కోట్లకు దిగి, ఇంకో అయిదేళ్లలో సున్నా కిందకు జారిపోతుంది.

ఇంకా సూటిగా చూడాలంటే, తొమ్మిదో డిగ్రీ గీత 2001కి చెప్పే జవాబును పాత పది లెక్కల కూడికగా రాయొచ్చు. ప్రతి లెక్కకూ ముందు ఒక గుణకం ఉంటుంది. 1991 లెక్కను 10తో గుణించాలి, 1981ని మైనస్ 45తో, 1971ని 120తో, 1961ని మైనస్ 210తో, 1951ని 252తో, ఇలా వెనక్కి వెళ్లాలి. 1951 జనగణనలో ఒక్క లక్షమందిని ఎక్కువ లెక్కపెట్టారనుకోండి. అంత పెద్ద లెక్కలో లక్ష ఎవరి కంటికీ ఆనదు. ఆ లక్ష 252 రెట్లై 2001 జవాబును రెండున్నర కోట్లు కదిలిస్తుంది. మూడో డిగ్రీ గీతలో 1951 గుణకం మైనస్ 0.4 మాత్రమే. అదే లక్ష అక్కడ జవాబును 40 వేలు కదిలిస్తుంది. తొమ్మిదో డిగ్రీ నేర్చుకున్నదాంట్లో చాలాభాగం డేటాలోని చిల్లర పొరపాట్లే. వాటిని దాచుకోవడమే కాదు, వందల రెట్లు పెంచి తిరిగి ఇస్తుంది.

తొమ్మిదో డిగ్రీని ఎవరూ వాడరు, దాన్ని ఓడించడం సులువు అనొచ్చు. నిజమే. అసలు పోటీ రెండుకూ మూడుకూ మధ్య. 1991 వరకే తెలిసినట్టు అనుకుని వాటినీ ముందుకు సాగదీద్దాం. 2001కి రెండో డిగ్రీ 99.7 కోట్లు అంది, మూడో డిగ్రీ 105.8 అంది. తీరా జనగణనలో తేలింది 102.87 కోట్లు. ఒకటి మూడు కోట్లు తక్కువ చెప్పింది, ఇంకొకటి మూడు కోట్లు ఎక్కువ. ఇక్కడ ఎవరూ గెలవలేదు. 2011కి రెండో డిగ్రీ 118.4 అంది, మూడో డిగ్రీ 131.1 అంది. అసలు లెక్క 121.09. చూసిన చుక్కల మీద మూడింతలు మేలుగా కుదిరిన గీత, చూడని చుక్క దగ్గర పది కోట్లు తప్పింది. రెండోదాని తప్పు మూడు కోట్లు కూడా లేదు.

ఆ పది కోట్లు ఎక్కడివి? 1991 వరకు ప్రతి దశాబ్దంలో చేరే జనం అంతకుముందు దశాబ్దం కంటే ఎక్కువగా ఉంటూ వచ్చారు, 1921 తర్వాత ఒక్కసారి కూడా ఈ వరస తప్పలేదు. ఘన బహుపది ఆ వేగాన్ని గట్టిగా పట్టుకుని 2001-2011 మధ్య 25 కోట్లు చేరతారంది. చేరింది 18.21 కోట్లు. అంతకుముందు పదేళ్లలో చేరింది 18.23 కోట్లు. అంటే పెరుగుదల ఇక పెరగడం మానేసింది. దక్షిణాదిలో పుట్టుకలు అప్పటికే బాగా తగ్గాయి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నాటి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. తరం తర్వాత తరం జనాభా నిలకడగా ఉండాలంటే కావలసిన 2.1 కంటే అది తక్కువ. ఈ మార్పు 1991 వరకు ఉన్న పది అంకెల్లో ఎక్కడా కనిపించదు. కనిపించనిదాన్ని ఏ డిగ్రీ అయినా ఎలా పట్టుకుంటుంది?

అలాగని రెండో డిగ్రీకి ఏదో తెలివి ఉందనుకోవద్దు. అదే గీతను వెనక్కి సాగదీస్తే 1915 దాకా దిగి, అక్కడి నుంచి మళ్లీ పైకి లేస్తుంది. 1801లో భారతదేశంలో 157 కోట్ల మంది ఉన్నారంటుంది! దాని వంపు తక్కువ కాబట్టి దాని తప్పు మెల్లగా పెరుగుతుంది, అంతే.

మరి ముందుగా కనిపెట్టే దారి లేదా? ఒకటుంది. కొన్ని చుక్కల్ని దాచిపెట్టి, మిగిలినవాటితో గీత గీసి, దాచినవాటి మీద పరీక్షించడం. మనం 1981, 1991 లెక్కలు దాచి 1971 వరకే ఇచ్చామనుకోండి. అప్పటికున్న ఎనిమిది చుక్కల్నీ తాకే ఏడో డిగ్రీ గీత 1981కి 36.5 కోట్లు అని పరువు పోగొట్టుకుంటుంది. ఉండాల్సింది 68.3. దాన్ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు. రెండో డిగ్రీ 64.5, 76.8 అంటుంది. మూడో డిగ్రీ 68.8, 86.8 అంటుంది. అసలువి 68.3, 84.6. అంటే ఈ పరీక్షలో గెలిచింది మూడో డిగ్రీ! 1991లో కూర్చున్న నిజాయితీపరుడైన గణాంకవేత్త ఈ పద్ధతినే పాటించి ఘన బహుపదినే ఎంచుకుని ఉండేవాడు, 2011లో పది కోట్లు తప్పి ఉండేవాడు. దాచిపెట్టి చేసే పరీక్ష పిచ్చి గీతల్ని ఏరేస్తుంది. కాలం తీరు మారబోతోందని మాత్రం చెప్పలేదు. ఈ విషయం గణాంక పాఠాల్లో తక్కువగా వినిపిస్తుందని నా ఫిర్యాదు.

చుక్కల మధ్య ఎంత బాగా ఉన్నా, చివర దాటాక ఘన బహుపది పైకో కిందకో పరుగు తీయాల్సిందే, నిలకడగా ఉండడం దానికి చేతకాదు. 2020 మే 5న అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహామండలి కోవిడ్ మరణాల పటం ఒకటి విడుదల చేసింది. అందులో 'క్యూబిక్ ఫిట్' అని పేరు పెట్టిన చుక్కల గీత మే నెల మధ్యకల్లా రోజువారీ మరణాలు దాదాపు సున్నాకు చేరతాయన్నట్టు దిగిపోయింది. ఇది ఉన్న లెక్కల్ని స్పష్టంగా చూపడానికేనని మండలి అంది. కానీ గీత ఆ రోజు దగ్గర ఆగలేదు, రాబోయే రోజుల్లోకీ సాగింది. మే ముగిసేలోపు అక్కడ మొత్తం మరణాలు లక్ష దాటాయి.

2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. మన పాత గీతల్ని అక్కడి దాకా లాగితే ఘన బహుపది 181.7 కోట్లు అంటుంది, రెండో డిగ్రీ 152.5 కోట్లు అంటుంది. 2025కి ఐక్యరాజ్యసమితి అంచనా సుమారు 146 కోట్లు. దాన్నిబట్టి చూస్తే ఇన్నాళ్లూ మంచిపేరు తెచ్చుకున్న రెండో డిగ్రీ కూడా ఈసారి ఎక్కువే చెబుతున్నట్టుంది. జనాభా నిపుణులు ఏ డిగ్రీనీ నమ్ముకోరు. ఏ వయసు స్త్రీలు ఎంతమంది ఉన్నారు, వాళ్లకు ఎంతమంది పిల్లలు పుడుతున్నారు, ఏ వయసులో ఎందరు పోతున్నారు, ఎందరు వలస వెళ్తున్నారు అని అయిదేళ్ల వయసు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును ముందుకు నడిపి కూడతారు. పుట్టుకల రేటు పడిపోతే ఆ మార్పు వాళ్ల లెక్కలో ముందు అయిదేళ్లలోపు పిల్లల వరసలో కనిపిస్తుంది, ఇరవై ఏళ్లు గడిచాక తల్లుల వరసలో కనిపిస్తుంది.