ఆషాఢం సేల్‌కు మిగిలిన చీరల విలువెంత?

మార్చి 31న దుకాణంలో మిగిలిన సరుకును ఏ ధరకు లెక్క కట్టాలన్న ప్రశ్నకు అకౌంటింగ్ నియమం సూటిగానే జవాబు చెబుతుంది. సరుకుకు అయిన ఖర్చు ఒకటి, దాన్ని అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే మొత్తం మరొకటి. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ముగింపు సరుకు విలువ. రెండో మొత్తాన్ని నికర వసూలు విలువ అంటారు. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా జారీ చేసిన అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేది ఇదే. ఆదాయపు పన్ను లెక్కలోనూ సరుకు విలువకు ఇదే కొలమానం.

లాభం అమ్మిన రోజునే పుడుతుంది కాబట్టి, ధర పెరిగిందని అమ్మని సరుకు మీద లాభం రాసుకోకూడదు. నష్టం సంగతి వేరు. పెట్టిన డబ్బు తిరిగి రాదని తెలిసిన ఏడాదిలోనే దాన్ని రాయాలి. 1953లో చైన్‌రూప్ సంపత్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ తేడాను సమర్థించింది.

ఖర్చు అంటే బిల్లులో ఉన్న ధర ఒక్కటే కాదు. డిస్కౌంటు తీసేసి, సరుకు దుకాణానికి చేరడానికి అయిన లారీ కిరాయి, హమాలీ కలపాలి. వెనక్కి వచ్చే జీఎస్టీని కలపకూడదు. కొన్న సరుకును నెలల తరబడి దాచిన గోడౌన్ అద్దె కూడా ఇందులోకి రాదు. అద్దె కలిపితే అమ్ముడుపోని సరుకు ఏటేటా ఖరీదైపోతుంది మరి!

నికర వసూలు విలువ దగ్గరే అసలు చిక్కంతా. అది లేబుల్ మీద అచ్చేసిన ధర కాదు, దుకాణం మూసేసేటప్పుడు పాత సరుకు వ్యాపారి అడిగే ధరా కాదు. మామూలుగా వ్యాపారం సాగుతుండగా ఆ వస్తువును కొనేవాడు జీఎస్టీ కాకుండా ఎంత ఇస్తాడో అంచనా వేయాలి. దానిలోంచి సరుకును అమ్మకానికి సిద్ధం చేసే ఖర్చును, అమ్మడానికి అయ్యే ఖర్చును తీసేయాలి.

ఒక చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. మార్చి 31న అక్కడ మూడు రకాల సరుకు ఉంది. మొదటిది పెళ్లిళ్ల కోసం తెచ్చిన 100 పట్టుచీరలు. ఒక్కోదానికి 6,000 రూపాయలు పడింది. 9,000కు అమ్ముడవుతాయి, కమిషన్, ప్యాకింగ్ కింద 300 పోతుంది. చేతికి 8,700 వస్తుంది కాబట్టి ఖర్చే తక్కువ. వీటి విలువ 6,00,000.

రెండో రకం 40 చీరలు. వర్షాకాలంలో గోడౌన్ కప్పు కారి తడిశాయి, అంచుల్లో మరకలు పడ్డాయి. కొన్నది 3,000 చొప్పున. డ్రైక్లీనింగ్, పాలిష్ చేయిస్తే ఒక్కోదానికి 250 అవుతుంది, ఆ తర్వాత 1,800కు పోతాయి. అమ్మకం ఖర్చు 50. అంటే ఒక్కో చీర మీద మిగిలేది 1,500. కొన్న లెక్కలో 1,20,000 ఉన్న ఈ కట్టను 60,000కు రాయాలి. బీమా డబ్బు వస్తుందన్న ఆశతో చీరల విలువను అలాగే ఉంచడం చాలాచోట్ల జరిగే పొరపాటు. బీమా క్లెయిము వేరే పద్దు. అది వస్తుందని ఖాయమైనప్పుడు దాని చోట అది రాసుకోవాలి. మరక పడ్డ చీర మరక పడ్డ చీరే.

మూడో రకానికి మరకా లేదు, చిరుగూ లేదు. రెండేళ్ల కిందట 1,200 చొప్పున తెచ్చిన 200 ఫ్యాన్సీ చీరలవి. ఆ డిజైన్ మోజు తీరిపోయి అరల్లోనే ఉండిపోయాయి. ఇలాంటి నెమ్మది సరుకులో నష్టం కంటికి కనబడదు కాబట్టి యజమాని ఒప్పుకోవడం కష్టం. ఈ దుకాణంవారు వీటిని ఆషాఢం తగ్గింపు అమ్మకాల్లో 900కు పెట్టాలని నిర్ణయించుకున్నారు. ఖర్చు 40 తీసేస్తే 860 మిగులుతుంది. 2,40,000 విలువ కాస్తా 1,72,000కు దిగుతుంది.

ఇప్పుడు మొత్తం చూస్తే ఖర్చు లెక్కలో 9,60,000 ఉన్న సరుకు 8,32,000 అయింది. ఆ ఏడాది లాభంలో 1,28,000 తగ్గుతుంది. ఇక్కడే ఒక తెలివి పుట్టుకొస్తుంది. మూడు రకాలనూ కలిపేస్తే అమ్మకంలో నికరంగా వచ్చేది 11,02,000. అది 9,60,000 కంటే ఎక్కువే కాబట్టి ఏమీ తగ్గించనక్కర్లేదు కదా అని. పట్టుచీరల మీద ఇంకా రాని లాభంతో తడిసిన చీరల నష్టాన్ని కప్పెయ్యడమే ఇది. అందుకే పోలిక ఏ వస్తువుకు ఆ వస్తువుగా జరగాలని స్టాండర్డ్ చెబుతుంది. ఒకే తరహా సరుకును విడదీసి చూడటం వీలుకానప్పుడు కలపవచ్చు గానీ, దుకాణమంతా ఒకే మూట కట్టకూడదు.

లేబుల్ ధరలోంచి మామూలు మార్జిన్ తీసేసి సరుకు విలువ కట్టే అలవాటు చాలా దుకాణాల్లో ఉంది. రకరకాల సరుకు ఎక్కువగా తిరిగే చోట ఈ పద్ధతికి అనుమతి ఉంది. కానీ అది చెప్పేది ఖర్చును, అదీ ఉజ్జాయింపుగా. 2,000 లేబుల్ ఉన్న ఫ్యాన్సీ చీరలో 40 శాతం తీసేస్తే 1,200 వస్తుంది. ఆ చీరను అడిగేవాడు లేడన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు.

దాన్ని పట్టుకోవాలంటే సరుకు వయసు చూడాలి. ఏ చీర ఎప్పుడు వచ్చింది, ఆ డిజైన్‌లో చివరి అమ్మకం ఎప్పుడు జరిగింది అన్నవి బార్‌కోడ్ ఉన్న దుకాణంలో సులువుగానే దొరుకుతాయి. కొందరు ఏడాది దాటితే పావు వంతు, రెండేళ్లు దాటితే సగం అని ఒక లెక్క పెట్టుకుని కోసేస్తారు. సౌకర్యమే గానీ, పాత అమ్మకాల ఆధారం లేకపోతే అది వట్టి ఊహ. వయసు ఒక్కటే సాక్ష్యం కూడా కాదు. మంచి పట్టుచీర రెండేళ్లు ఉన్నా ధర తగ్గకపోవచ్చు, ఫ్యాషన్ చీర ఆరు నెలలకే పాతబడవచ్చు.

ఆషాఢం జూన్, జూలైల్లో వస్తుంది. చాలా దుకాణాల ఆడిట్ అప్పటికింకా ముగియదు. ఫ్యాన్సీ చీరలు నిజంగా 900కు పోయాయా, 700కే దిగాయా అన్నది అప్పటికి తెలిసిపోతుంది. మార్చి చివరికే డిజైన్ పాతబడి ఉంది కాబట్టి ఆ ధర మార్చి అంచనాను సరిచేయడానికి పనికొస్తుంది. 700కే పోతే విలువను 660కి దించాలి. అదే గోడౌన్ కప్పు మే నెలలో కారి ఉంటే కథ వేరు. మార్చి 31న చీరలు బాగానే ఉన్నాయి గనుక ఆ నష్టం కొత్త ఏడాదిదే.

ఏడాది ఆఖరున దించిన విలువే మరుసటి ఏడాదికి ప్రారంభ సరుకు అవుతుంది. 860కి రాసిన చీర ఆషాఢంలో 900కు అమ్ముడై 40 ఖర్చయితే కొత్త ఏడాదికి లాభమూ లేదు, నష్టమూ లేదు. దించకుండా వదిలేసి ఉంటే, పాత ఏడాదిలో లేని లాభం మీద పన్ను కట్టి, ఒక్కో చీర మీద 340 నష్టాన్ని కొత్త ఏడాది నెత్తిన వేసినట్టయ్యేది.

చీరలు ఆషాఢంలోనూ మిగిలిపోతే వచ్చే మార్చికి మళ్లీ అంచనా వేయాలి. ఏ సినిమా వల్లనో ఆ డిజైన్‌కు మళ్లీ గిరాకీ వచ్చి ధర 1,500కు చేరిందనుకుంటే, తగ్గించిన విలువను తిరిగి పెంచవచ్చు. అయితే ఆ పెంపు మొదట పెట్టిన 1,200 దగ్గరే ఆగిపోవాలి.