డబ్బు పడిందా, లేదా? జవాబు రాని ఆ పది సెకన్లు

టెక్సస్‌లో ఉండే తెలుగువారికి ఆవకాయ, కారప్పొడులు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం ఒకటుందనుకుందాం. శనివారం రాత్రి ఒకావిడ 48 డాలర్ల సరుకు బుట్టలో వేసి, కార్డు వివరాలిచ్చి, ‘పే’ నొక్కింది. దుకాణం సర్వర్ పేమెంట్ కంపెనీకి కబురు పంపి పది సెకన్లు ఎదురుచూసింది. జవాబు లేదు.

ఇప్పుడు రెండింట్లో ఏదైనా జరిగి ఉండొచ్చు. కబురు అసలు చేరకపోయి ఉండొచ్చు. లేదా కబురు చేరి, కార్డులో డబ్బు కోతపడి, ఆ సంగతి చెప్పే జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. దుకాణం వైపు నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ‘ఫెయిల్ అయింది, మళ్లీ ప్రయత్నించండి’ అని చూపిస్తే ఆవిడ మళ్లీ నొక్కుతుంది, 96 డాలర్లు పోతాయి. ఆర్డర్‌ను చెరిపేస్తే డబ్బు పోయి పచ్చడి రాదు. అసలు చిక్కంతా జవాబు రాకపోవడాన్ని ‘కాలేదు’ అని లెక్కేయడంలోనే ఉంది. దానికి ‘తేలలేదు’ అనే మూడో స్థితి ఉండాలి.

అందుకే పేమెంట్ కంపెనీని పిలవకముందే ఆర్డర్‌ను డేటాబేస్‌లో రాసుకోవాలి. 1042 నంబరు ఆర్డర్, ‘దీని డబ్బు వసూలు చేయాలి’ అనే పని, ఈ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడాలి. పడితే రెండూ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు. ఆ పని అక్కడి నుంచి క్యూలోకి వెళ్తుంది. వర్కర్ అనే ప్రోగ్రామ్ దాన్ని తీసుకుని కార్డును ఛార్జ్ చేయమని అడుగుతుంది. పేమెంట్ కంపెనీ గంటసేపు పడుకున్నా ఆర్డర్ క్యూలో భద్రంగా ఉంటుంది.

అయితే క్యూ ఒకే పనిని రెండుసార్లు చేతికివ్వొచ్చు. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్‌లో వర్కర్ తీసుకున్న పని మామూలుగా 30 సెకన్లపాటు మిగతా వర్కర్లకు కనిపించదు. ఆలోగా ‘అయిపోయింది’ అని చెప్పి తీసేయకపోతే మళ్లీ బయటికొస్తుంది. మొదటి వర్కర్ ఇంకా జవాబు కోసం చూస్తుండగానే రెండో వర్కర్ అదే 48 డాలర్లు అడగడం మొదలుపెడుతుంది. అందుకే పిలుపు గడువు ఆ 30 సెకన్ల కంటే బాగా తక్కువ ఉండాలి. అలా పెట్టినా డబుల్ కోత ప్రమాదం పూర్తిగా పోదు. దాన్ని ఆపేది తాళంచెవి లాంటి ఒక గుర్తు:

```
POST /v1/payment_intents
Idempotency-Key: order-1042-pay
```

స్ట్రైప్ లాంటి కంపెనీలు ఈ గుర్తును గుర్తుపెట్టుకుంటాయి. అదే గుర్తుతో మళ్లీ అడిగితే కొత్తగా వసూలు చేయకుండా మొదటిసారి వచ్చిన ఫలితాన్నే తిప్పి ఇస్తాయి. ఇక్కడ ప్రోగ్రామర్లు తరచూ చేసే పొరపాటు, ప్రతి ప్రయత్నానికీ కొత్త గుర్తు పుట్టించడం. అప్పుడు అది ఉన్నా లేనట్టే. గుర్తు ఆర్డర్‌తోపాటే పుట్టి, డేటాబేస్‌లోనే ఉండాలి. దానికీ ఆయుష్షుంది. స్ట్రైప్‌లో కనీసం 24 గంటలు ఉంటుంది, ఆ తర్వాత తీసేయవచ్చు. రోజు దాటిన ఆర్డర్‌ను మళ్లీ ఛార్జ్ చేయబోయే ముందు పాత చెల్లింపు ఏమైందో అడిగి తెలుసుకోవాల్సిందే.

మళ్లీ ఎప్పుడు అడగాలన్నదీ తేలిక విషయం కాదు. బ్యాంకు కార్డును తిరస్కరిస్తే క్యూ తనంతట తాను మళ్లీ అడిగి లాభం లేదు. జవాబు రాకపోతే మాత్రం 2 సెకన్లు, 4, 8, 16 అంటూ ఎడం పెంచుకుంటూ పోవాలి. ఆ ఎడంలో కొంత యాదృచ్ఛికంగా అటూఇటూ జరపాలి. లేకపోతే క్యూలో ఆగిన నాలుగు వందల ఆర్డర్లు ఒకే క్షణంలో తలుపు తట్టి, అప్పుడే లేస్తున్న సర్వర్‌ను మళ్లీ పడేస్తాయి.

ఇది ఊహ కాదు. 2025 ఏప్రిల్ 12న దేశంలో యూపీఐ మొరాయించినప్పుడు, ‘ఈ లావాదేవీ ఏమైంది’ అని బ్యాంకుల నుంచి వెల్లువెత్తిన ప్రశ్నలే ప్రధాన కారణమని ఎన్‌పీసీఐ పరిశీలనలో తేలింది. పాత లావాదేవీల గురించి కూడా కొన్ని బ్యాంకులు పదేపదే అడిగాయి. ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో మొదటి ప్రశ్నకు 90 సెకన్లు ఆగాలని, మొత్తం మూడుసార్లే అడగాలని కట్టడి పెట్టారు.

ఎన్నిసార్లు అడిగినా తేలని ఆర్డర్లు కొన్ని మిగులుతాయి. వాటిని ‘డెడ్ లెటర్ క్యూ’ అనే పక్క వరుసలోకి తోసి, మనిషికి కబురు పంపాలి. ఉదయాన్నే ఆ మనిషి పేమెంట్ కంపెనీ పంపిన లెక్కను ఆర్డర్ల జాబితాతో పోల్చుతాడు. డబ్బు అందినా ‘తేలలేదు’ అని ఉన్న 1042 దొరికితే సరుకు ప్యాక్ చేయిస్తాడు. ఆ రాత్రంతా ఆవిడ ఫోన్‌లో కనిపించాల్సింది ఇంతే: ‘మీ ఆర్డర్ అందింది. చెల్లింపు తేలగానే మెయిల్ పంపుతాం. దయచేసి మళ్లీ కట్టకండి.’