పన్నెండు నిమిషాల వీడియో చివరిదాకా చూడాలంటే

మన సంఘాలు హక్కుల గురించి చేసే వీడియోలు చాలావరకు రాజ్యాంగ అధికరణంతోనే మొదలవుతాయి. చూసేవారు రెండో నిమిషంలోనే వెళ్లిపోతారు. విషయం చెడ్డదని కాదు, తర్వాతి మాట వినాల్సిన అవసరం వారికి కలగలేదు. వారపత్రికల్లో సీరియల్ చదివిన మన తరానికి 'సశేషం' అన్న మాట పట్టు తెలుసు. వీడియోలో కూడా పని చేసేది అదే.

ఉదాహరణకు 'మన పిల్లలకు బడిలో తెలుగు' అన్న పన్నెండు నిమిషాల వీడియో తీసుకుందాం. మొదటి అర నిమిషంలోనే ఒక ప్రశ్న వేయాలి: "బడిలో తెలుగు టీచరు కావాలని అడగాలంటే ఎంతమంది పిల్లలుండాలి?" జవాబు వెంటనే చెప్పకూడదు. ముందు 350ఎ అధికరణం చెప్పాలి: ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు రాష్ట్రం, స్థానిక సంస్థలు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రయత్నించాలి. నాలుగో నిమిషంలో జవాబు ఇవ్వాలి: బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది.

అక్కడే రెండో ముడి వేయాలి: "ఈ అంకెలు రాజ్యాంగంలో లేవు. మరి ఎక్కడివి?" ఏడో నిమిషానికి ఆ ముడి విప్పాలి. అవి 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించినవి. ఆ భాగాన్ని "అంతమంది ఉన్నా కాదంటే ఎవరికి రాయాలి?" అన్న మాటతో ఆపాలి. ఇదే ఉత్కంఠ దగ్గర ఆపడం. చివరి భాగంలో 350బి కింద ఉండే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ గురించి, దరఖాస్తు రాసే తీరు గురించి చెప్పాలి.

ఒకే ముఖం, ఒకే గొంతు సాగితే మంచి ప్రశ్న కూడా నిలబెట్టలేదు. బుర్రకథలో కథకుడి మాటకు వంతలు అడ్డొచ్చి ప్రశ్నలు వేసేది అందుకే. అధికరణం చదివేచోట తెర మీద ఆ వాక్యం చూపించండి. తర్వాత ఒక తల్లి గొంతుతో సందేహం వినిపించండి. దరఖాస్తు రాసే మెట్లు చెప్పేటప్పుడు మాత్రం ఏ మార్పూ వద్దు, చూసేవారు రాసుకుంటుంటారు.

ఫలితం యూట్యూబ్ స్టూడియోలో తెలుస్తుంది. ఏ క్షణంలో ఎంతమంది నిలిచారో అక్కడ ఒక గీత చూపుతుంది. గీత మెల్లగా దిగడం మామూలే. జవాబుకు ముందు పల్లంగా దిగి, జవాబు దగ్గర గుట్టలా లేచిందంటే, మధ్యభాగం దాటేసి జవాబుకే దూకారని అర్థం. ప్రశ్నను ఎక్కువసేపు నానబెట్టామన్నమాట, తర్వాతి వీడియోలో మధ్యభాగం కుదించాలి. మొదటి అర నిమిషంలోనే నిలువునా పడితే, శీర్షికలో చెప్పినది అక్కడ వారికి కనబడలేదని అనుకోవాలి.

ఒకేసారి రెండు ప్రశ్నలకు మించి తెరిచి ఉంచవద్దు, ఏదీ మర్చిపోవద్దు. కమిషనర్‌కు ఎలా రాయాలో చెబుతామని ఊరించి "వచ్చే వీడియోలో" అంటే, ఆ దరఖాస్తు అవసరమైన తల్లిదండ్రులు ఇంకోసారి మన వీడియో తెరవరు.