తాళాలు తీసుకునే ముందు ఓసీ

గోడలకు రంగులు పడ్డాయి, లిఫ్ట్ తిరుగుతోంది. బిల్డర్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: "మిగిలిన సొమ్ము కట్టేసి తాళాలు తీసుకోండి సార్, ముహూర్తం చూసుకోండి." ఓసీ ఏదని అడిగితే "అప్లై చేశాం, నెలలో వచ్చేస్తుంది" అంటారు. అద్దె ఇంటికీ, బ్యాంకు వాయిదాకీ కలిపి డబ్బు కడుతున్నవాళ్లు ఆ మాట నమ్మి పొజెషన్ లెటర్ మీద సంతకం పెట్టేస్తారు. "ఫ్లాట్ అన్ని విధాలా సంతృప్తిగా ఉంది, ఇక ఎలాంటి క్లెయిములూ లేవు" అన్న వాక్యం చాలాసార్లు అందులోనే ఉంటుంది.

ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. మంజూరైన ప్లాను ప్రకారం భవనం కట్టారనీ, జనం కాపురం ఉండవచ్చనీ మున్సిపల్ సంస్థ ఇచ్చే పత్రం. కంప్లీషన్ పేరుతో బిల్డర్ చూపించే కాగితం తరచూ అది కాదు. పని పూర్తయిందని ఆర్కిటెక్టు, ఇంజినీరు సంతకాలతో బిల్డరే ఆఫీసులో దాఖలు చేసే నోటీసు అది. దాని ఆధారంగా అధికారులు పరిశీలించాకే ఓసీ వస్తుంది. కాబట్టి కాగితం పేరు కన్నా కింద సంతకం ఎవరిదో చూడండి. రిజిస్ట్రేషన్ అయిపోయిందన్నది కూడా దీనికి జవాబు కాదు. అది యాజమాన్యాన్ని మారుస్తుంది తప్ప భవనం ప్లాను ప్రకారం ఉందని చెప్పదు.

ఓసీ లేని ఇంట్లో చేరితే ఏమవుతుంది? ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ఓసీ చూపించేదాకా కరెంటు, నీళ్ల సంస్థలు మామూలు కనెక్షన్ ఇవ్వకూడదు, లేదా మూడింతల చార్జీ వసూలు చేయవచ్చు. తప్పు చేసింది కట్టినవాడైనా బిల్లు వచ్చేది కాపురం ఉన్నవాళ్లకే.

ముంబయిలోని సమృద్ధి హౌసింగ్ సొసైటీ వాళ్ల అనుభవం దీనికి సాక్ష్యం. వాళ్లు 1997లో ఫ్లాట్లలో చేరారు. బిల్డర్ ఓసీ తేలేదు. దాంతో ఆస్తి పన్ను 25 శాతం, నీటి చార్జీలు 50 శాతం ఎక్కువ కట్టాల్సి వచ్చింది. ఆ సొమ్ము ఇప్పించమని అడిగితే గడువు దాటిందంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2018లో ఫిర్యాదు కొట్టేసింది. ఓసీ తేకపోవడం సేవాలోపమేననీ, అది తెచ్చేదాకా ఆ తప్పు కొనసాగుతూనే ఉంటుందనీ సుప్రీంకోర్టు 2022 జనవరిలో తేల్చింది. ఆ కుటుంబాలు చేరి అప్పటికి పాతికేళ్లు.

ఓసీ ఎందుకు రాదు? ప్లానులో లేని అంతస్తు వేయడం, చుట్టూ వదలాల్సిన ఖాళీని తగ్గించడం, పార్కింగులో గదులు కట్టడం ప్రధాన కారణాలు. ఎత్తైన భవనమైతే అగ్నిమాపక శాఖ అనుమతి కూడా కావాలి. "ఆఫీసులో ఆలస్యం" అన్న మాట వినగానే అప్లికేషన్ నంబరు, దాఖలు చేసిన తేదీ, అధికారులు ఏదైనా లోపం చూపుతూ రాసిన లేఖ అడగండి. నిజంగా దాఖలు చేసినవాడికి ఇవి చూపించడం కష్టం కాదు.

మీరే తెలుసుకునే దారి ఇంకొకటుంది. అదే జీవో కింద అనుమతి ఇచ్చేటప్పుడు నిర్మాణంలో పది శాతాన్ని మున్సిపల్ సంస్థ తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ వచ్చాకే విడిపిస్తుంది. ఈసీ తీయించండి. ఆ తనఖా ఇంకా కనిపిస్తుంటే ఓసీ వచ్చిందన్న మాటను అనుమానించాల్సిందే. మీ ఫ్లాటే తనఖాలో ఉన్నదేమో కూడా అప్పుడే బయటపడుతుంది.

ఓసీ చేతికొచ్చాక దానిలోని పర్మిట్ నంబరును మంజూరు ప్లాను మీది నంబరుతో సరిచూడండి. తర్వాత బ్లాకు, అంతస్తులు. ప్లానులో స్టిల్టు మీద ఐదు అంతస్తులుండి, మీ ఫ్లాటు ఆరో అంతస్తులో ఉంటే, కింది ఐదింటికి వచ్చిన ఓసీ మీది కాదు. పెద్ద ప్రాజెక్టుల్లో ఒక టవరుకు వచ్చినదాన్ని అందరికీ చూపించడమూ ఉంది.

రెరా చట్టం ప్రకారం ఓసీ తెచ్చి కొన్నవాళ్లకు అందించే బాధ్యత బిల్డర్‌ది. ఓసీ వచ్చిన రెండు నెలల్లోగా ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలన్నదే కొన్నవారి మీద ఉన్న గడువు. కనుక ఓసీ లేకుండా "ఇప్పుడే తీసుకోకపోతే హోల్డింగ్ చార్జీలు వేస్తాం" అని బెదిరిస్తే భయపడనక్కర్లేదు. ఓసీ, మంజూరు ప్లాను ప్రతులు ఇచ్చాకే పొజెషన్ తీసుకుంటానని ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ రాయండి, రసీదు దాచుకోండి. ఒప్పందంలో రాసిన తేదీ దాటితే ఆలస్యానికి వడ్డీ అడుగుతూ రెరాకు వెళ్లడానికి ఆ ఉత్తరం పనికొస్తుంది. 500 చదరపు మీటర్లు దాటని స్థలంలో, లేదా ఎనిమిదికి మించని ఫ్లాట్లతో కట్టిన చిన్న అపార్టుమెంట్లకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అలాంటిచోట కొన్నవాళ్లు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.