వియత్నాంలో 'నేను' ఎవరు?

వియత్నాం రాజధాని హనోయ్‌లో నామ్ అనే 12 ఏళ్ళ కుర్రాడు ఉన్నాడనుకుందాం. పొద్దున్న లేచి నాయనమ్మతో "నేను పళ్ళు తోముకున్నాను" అంటాడు. ఆ 'నేను'కి వాడు వాడే మాట 'చావ్'. కంగారుపడకండి! మన చావుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. వాళ్ళ భాషలో ఆ మాటకి అర్థం 'మనవడు' అని. తర్వాత వంటింట్లోకి పోయి అమ్మతో "నేను ఇడ్లీ తినను" అన్నట్టుగా ఏదో మారాం చేస్తాడు (అక్కడ ఇడ్లీ ఉండదనుకోండి). ఇప్పుడు 'నేను' అంటే 'కాన్'. అంటే 'బిడ్డ'. ఇంతలో చెల్లెలు వాడి పెన్సిలు లాక్కుంటుంది. "నేను ఇవ్వను పో!" అని అరుస్తాడు. ఈసారి 'నేను' అంటే 'అఞ్', అంటే 'అన్న'. (మన వర్ణమాలలో పనిలేకుండా కూర్చున్న 'ఞ' అక్షరానికి ఎట్టకేలకు ఇక్కడ పని దొరికింది!) బడికి వెళ్ళి మాస్టారితో "నేను లెక్క చేశానండీ" అనేటప్పుడు 'నేను' అంటే 'ఎమ్'. దాని అర్థం 'తమ్ముడు' లేక 'చెల్లెలు'. పక్కనున్న స్నేహితుడితో గుసగుసలాడేటప్పుడు 'తొ'.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇంకా కాలేదు. నామ్ అప్పటికే అయిదు 'నేను'లు వాడేశాడు. ఇంగ్లీషు కుర్రాడైతే ఈ అయిదు చోట్లా 'ఐ' అనే ఒకే ఒక్క మాటతో సరిపెట్టేవాడు.

వినడానికి వింతగా ఉంది గానీ, ఇది మనకి బొత్తిగా తెలియని సంగతి కాదు. పసిపిల్లకి అన్నం పెట్టేటప్పుడు మన అమ్మలు "అమ్మ చెప్తోంది గదా, తిను" అంటారు. "నేను చెప్తున్నాను గదా" అనరు. అక్కడ 'అమ్మ' అనే మాట 'నేను' స్థానంలో కూర్చుంది. పిల్ల కాస్త పెద్దదయ్యాక మనం ఈ పద్ధతి వదిలేస్తాం. వియత్నాం వాళ్ళు జీవితాంతం ఇలాగే మాట్లాడతారు. 60 ఏళ్ళ కొడుకు 85 ఏళ్ళ తల్లి దగ్గర తనని తాను 'బిడ్డ' అనే చెప్పుకుంటాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. నామ్ చెల్లెలితో మాట్లాడేటప్పుడు 'అఞ్' అంటే 'నేను', 'ఎమ్' అంటే 'నువ్వు'. మరి చెల్లెలు జవాబు చెప్పేటప్పుడో? 'అఞ్' అంటే 'నువ్వు', 'ఎమ్' అంటే 'నేను'! మాటలు మారలేదు, వాటి అర్థాలు మారలేదు. అన్న ఎప్పుడూ అన్నే, చెల్లెలు ఎప్పుడూ చెల్లెలే. మారింది నోరు మాత్రమే. ఇంగ్లీషులో 'ఐ' అనే మాట ఎవరు మాట్లాడితే వారిది అవుతుంది. బంతాటలో బంతిలాగా అది చేతులు మారుతూ ఉంటుంది. వియత్నాం మాట అలా కాదు, చొక్కాకి కుట్టిన పేరులాంటిది. అందుకే ఈ మాటలు ఒంటరిగా ఉండవు, జంటలుగా ఉంటాయి: అన్న–చెల్లెలు, అమ్మ–బిడ్డ, నాయనమ్మ–మనవడు. 'నువ్వు' ఎవరో తేల్చకుండా 'నేను' అనడం కుదరదు.

"అయితే ఎవరితోనైనా వాడదగ్గ మామూలు 'నేను' ఒకటి ఉండదా?" అని మీరడగవచ్చు. ఉంది. దాన్ని 'తోయ్' అంటారు. ఇంగ్లీషు–వియత్నాం నిఘంటువు తెరిచి 'ఐ' అనే మాట చూస్తే సాధారణంగా ఇదే కనిపిస్తుంది. దీని పాత అర్థం 'సేవకుడు' అని. మన పెద్దలు ఉత్తరాల్లో 'తమ దాసుడు' అని రాసుకున్నట్టే, అది వినయంగా పుట్టిన మాట. కాలం గడిచేకొద్దీ వినయం అరిగిపోయి, చుట్టరికం అంటని 'నేను'గా మిగిలింది. సభల్లోనూ పరిచయం లేని పెద్దవాళ్ళ మధ్యా అది చక్కగా పనిచేస్తుంది. కానీ నామ్ అమ్మ దగ్గర 'తోయ్' అన్నాడంటే ఆవిడ చేతిలో గరిటె అక్కడే ఆగిపోతుంది. "నేను నీ బిడ్డని కాను" అన్నంత పరాయితనం ఆ మాటలో ఉంది.

1945 సెప్టెంబరు 2న హో చి మిన్ హనోయ్‌లోని బాదిన్ మైదానంలో స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. మధ్యలో ఆగి, తన మాట స్పష్టంగా వినిపిస్తోందా అని జనాన్ని అడిగాడు. అప్పుడు తనని 'తోయ్' అనీ, ఎదుటి జనాన్ని 'దోంగ్ బావ్' అనీ అన్నాడు. ఈ రెండో మాటకి అర్థం 'ఒకే గర్భంలోంచి పుట్టినవాళ్ళు'. మన 'సహోదరులు' అనే మాట విడదీసినా సరిగ్గా అదే అర్థం వస్తుంది! అదే మనిషి పిల్లలతో మాట్లాడేటప్పుడు మాత్రం తనని 'బాక్' అని చెప్పుకునేవాడు. 'బాక్' అంటే పెదనాన్న. దేశమంతా ఆయన్ని 'బాక్ హో' అని పిలవడం అలా వచ్చిందే.

మరి సరైన జంటని ఎంచుకోవడం ఎలా? హనోయ్ పద్ధతి చెబుతాను. దక్షిణాదిన కొన్ని మాటలు తేడాగా ఉంటాయి. 'మనవడు' అనవలసిన చోట అక్కడ 'బిడ్డ' అనడం ఎక్కువ.

ఎదురుగా ఉన్నది కొత్తమనిషి అయితే, ముందుగా తన వయసుతో పోల్చి చూసుకోవాలి. కొద్దిగా పెద్దవాడైతే 'అఞ్', కొద్దిగా పెద్ద అమ్మాయి అయితే 'చి', అంటే అక్క. ఆ రెండింటికీ జోడీగా 'నేను' అంటే 'ఎమ్'. ఇంకా చాలా పెద్దవాళ్ళయితే కొలబద్ద మారుతుంది. ఇప్పుడు పోల్చవలసింది మనతో కాదు, మన అమ్మానాన్నలతో. నాన్నకంటే చిన్నవాడిలా ఉంటే 'చూ', అంటే బాబాయి. ఆడమనిషైతే 'కో', అంటే మేనత్త. ఇద్దరిలో ఎవరైనా సరే, అమ్మానాన్నల కంటే పెద్దవాళ్ళయితే 'బాక్'. మరీ ముసలివాళ్ళయితే తాతకి 'ఓంగ్', నాయనమ్మకి 'బా'. వీళ్ళందరి ముందూ నామ్ 'చావ్' అయిపోతాడు. ఆ మాటకి మనవడనే కాక, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డ అనే అర్థం కూడా ఉంది.

అందువల్లనే వియత్నాంలో కొత్తవాళ్ళు కలిస్తే "మీ వయసెంత?" అని మొదట్లోనే అడిగేస్తారు. అది వాళ్ళకి మర్యాద తప్పడం కాదు. అడగకపోతే నోరు పెగలదు మరి! ఊహ తప్పితే చిక్కే. ముప్ఫయ్యేళ్ళావిణ్ణి 'బా' అంటే మొహం ముడుచుకుంటుంది. మనదగ్గర బస్సులో ఎవరినైనా తొందరపడి 'మామ్మగారూ' అన్నట్టే. అన్నట్టు ఆ 'బా'ని స్వరం దించి పలకాలి. దించకుండా పలికితే 'మూడు' అని అర్థం. హనోయ్ భాషలో ఇటువంటి స్వరాలు ఆరున్నాయి. వాటిని మన లిపిలో చూపించలేం గనక, ఇక్కడ రాసిన ఉచ్చారణలన్నీ ఉజ్జాయింపే.

కుటుంబంలో మాత్రం వయసు లెక్క తలకిందులు కావచ్చు. నామ్ పెదనాన్నకి లేకలేక కొడుకు పుట్టాడు. వాడికి అయిదేళ్ళు. మన ఇంట్లో అయితే వాడు 'తమ్ముడు'. మన లెక్కకి పుట్టిన తేదీ చాలు. వియత్నాంలో అలా కాదు. నాన్నకి అన్నయ్య కొడుకు గనక వాడు నామ్‌కి 'అఞ్', అన్నయ్య! 12 ఏళ్ళ నామ్ ఆ అయిదేళ్ళవాడి ముందు 'ఎమ్' అనాలి. శాఖ పెద్దదైతే, దాని చివరి రెమ్మ కూడా పెద్దదే అన్నమాట.

ఇక అనువాదకుడి అవస్థ చూద్దాం. ఒక ఇంగ్లీషు కథ ఉందనుకోండి. టామ్ అనే కుర్రాడు రాత్రివేళ బ్రౌన్ అనే ఆయన తలుపు తడతాడు.

"హూ ఆర్ యూ?" అని లోపలినుంచి కేక. బ్రౌన్‌కి ఎదుటి మనిషి కనపడటం లేదు. ఏ 'నువ్వు' వాడాలి? ఇక్కడొక దారి ఉంది. 'నువ్వు' లేకుండా "ఎవరది?" అని రాసేయవచ్చు. కానీ ఈ దారి ఎప్పుడూ పట్టకూడదు. పెద్దవాళ్ళతో అలా ముక్కూమొహం లేకుండా మాట్లాడితే అక్కడ పొగరు కింద లెక్క.

"నేను టామ్‌ని. మీకు మా నాన్న తెలుసు" అంటాడు కుర్రాడు. 'నేను' అంటే 'చావ్' అని రాయవచ్చు. మరి 'మీరు'? బాక్ అనాలా, చూ అనాలా? బ్రౌన్ టామ్ నాన్నకంటే పెద్దవాడా, చిన్నవాడా? ఇంగ్లీషు రచయిత ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఆయనకి ఆ అవసరమే లేదు. అనువాదకుడు పెన్ను పక్కన పెట్టి కథ చివరిదాకా చదువుతాడు. ఎక్కడో మధ్యలో బ్రౌన్ అంటాడు: "నేను పని నేర్చుకోవడానికి చేరేనాటికే మీ నాన్న మేస్త్రీ." దొరికింది! బ్రౌన్ చిన్నవాడు. కాబట్టి 'చూ'. ఒక్క అక్షరం కోసం ఒక పుస్తకమంతా వెతకవలసి వచ్చింది. ఆ వాక్యమే లేకపోతే తనే ఏదో ఒకటి నిర్ణయించుకుని, కథంతా దానికే కట్టుబడి ఉండాలి. పదో పేజీలో బాబాయి ఇరవయ్యో పేజీలో పెదనాన్న కారాదు గదా!

(ఇంతవరకు మనకి కూడా ఈ బాధ కొంత తెలుసు. ఇంగ్లీషులో 'బ్రదర్' అని ఉంటే అన్నా, తమ్ముడా అని తెలుగు అనువాదకుడు తల గోక్కోవలసిందే.)

తర్వాత కథలో బ్రౌన్ టామ్‌ని లోపల కూర్చోబెట్టి టీ ఇస్తాడు. 'బాబాయి'–'చావ్' జంట హాయిగా సాగుతుంది. ఇంతలో టామ్ పాత అప్పు సంగతి ఎత్తుతాడు. బ్రౌన్ మొహం మారుతుంది. "ఐ డోంట్ నో యూ" అంటాడు. ఇంగ్లీషులో 'ఐ', 'యూ' ముందున్నవే. కోపమంతా గొంతులోనే ఉంది. కానీ వియత్నాం అనువాదంలో బ్రౌన్ ఇంకా 'బాబాయి'గానే మాట్లాడితే ఆ కోపం ఎవరికీ వినపడదు. అందుకని అనువాదకుడు ఇక్కడ జంట మారుస్తాడు. బ్రౌన్ తనని 'తోయ్' అనీ, కుర్రాణ్ణి 'కవ్' అనీ అంటాడు. 'కవ్' అంటే అసలు మేనమామ. కానీ పరాయి కుర్రాణ్ణి దూరంగా ఉంచి పిలవడానికీ వాడతారు, స్నేహితులు ఒకరినొకరు పిలుచుకోవడానికీ వాడతారు. అరుపూ లేదు, తిట్టూ లేదు. చుట్టరికం తెగిపోయింది, అంతే. బ్రౌన్ ఇంకా రెచ్చిపోతే 'తావ్', 'మై' అనే జంట సిద్ధంగా ఉంది. ప్రాణస్నేహితులు ముద్దుగా వాడుకునే ఆ మాటలే కోపంలో మొరటు తిట్లవుతాయి. అయితే అంతదూరం పోవడం ఈ కథకి నప్పదు.

చివరి పేజీలో టామ్ గుమ్మం దాటబోతుండగా బ్రౌన్ వెనకనుంచి పిలిచి, "ఐ విల్ వాక్ విత్ యూ" అంటాడు. 'నీతో నడిచి వస్తాను' అని. అతని మనసు మారిందని ఇంగ్లీషు పాఠకుడు ఆ నడక మాటనిబట్టి గ్రహించాలి. వియత్నాం పాఠకుడికి అంత దూరం కూడా అక్కరలేదు. అనువాదకుడు ఆ వాక్యాన్ని 'చూ'తో మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాట దగ్గరే బ్రౌన్ మళ్ళీ టామ్‌కి బాబాయి అయిపోయాడు.